ఖాళీగా కనిపించే ఛానెల్ ఖాళీ కాదు: మా అపార్ట్‌మెంట్ వైఫైతో నా అనుభవం

రాత్రి తొమ్మిదయితే చాలు, మా ఫ్లాట్‌లో వీడియో కాల్ ముక్కలు ముక్కలయ్యేది. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి ఫోన్ చేస్తే మొదటి సలహా రౌటర్ రీస్టార్ట్, రెండోది పెద్ద ప్లాన్. ప్లాన్ పెంచమని అడిగే ముందు తప్పు తీగలో ఉందా గాలిలో ఉందా అని చూడాలన్న ఆలోచన వాళ్లకి రాదు, రానివ్వరు కూడా. అది చూసుకోవడం అయిదు నిమిషాల పని. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లాన్‌లో చెప్పిన స్పీడ్ వస్తే తీగ బాగానే ఉన్నట్టు. తర్వాత కేబుల్ తీసేసి, వైఫై మీద, రౌటర్‌కే పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. ఇంటర్నెట్‌తో దీనికి సంబంధం లేదు, మీ గదికీ రౌటర్‌కీ మధ్య గాలి ఎలా ఉందో మాత్రమే చెబుతుంది.

```
ping -n 100 192.168.1.1
```

ఇది విండోస్‌లో. రౌటర్ అడ్రస్ కొన్నిచోట్ల 192.168.0.1 ఉంటుంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే చాలావరకు పది మిల్లీసెకన్ల లోపు రావాలి. మాకు రాత్రిపూట 150, 400, మధ్యమధ్యలో "Request timed out" వచ్చేవి. సిగ్నల్ గీతలేమో నిండుగా ఉండేవి. అంటే సిగ్నల్ తక్కువై కాదు, గాలిలో రద్దీ ఎక్కువై.

మాది మియాపూర్‌లో అయిదంతస్తుల బిల్డింగ్, ఫ్లోర్‌కి అయిదు ఫ్లాట్లు. దాదాపు ప్రతి ఫ్లాట్‌లోనూ ఒక రౌటర్. అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకే ఇరుకు జాగా కోసం పోటీ. మన దేశంలో ఈ బ్యాండ్‌లో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు వాడొచ్చు. కానీ పక్కపక్క ఛానెళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో రౌటర్ ఆక్రమించేది 20 మెగాహెర్ట్జ్. అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలని అందరూ పాటించేవి 1, 6, 11.

ఇంతవరకు అందరూ చెప్పేదే. నన్ను తికమక పెట్టింది దీని తర్వాతి మెట్టు.

ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ పెట్టుకుంటే ఏ ఛానెల్‌లో ఎన్ని నెట్‌వర్కులున్నాయో గ్రాఫ్‌లో కనిపిస్తుంది. మా హాల్లో 1లో ఏడు రౌటర్లు, 6లో పది, 11లో మూడు. 3లో ఒక్కటీ లేదు. యాప్ 3కే ఎక్కువ మార్కులిచ్చింది. కంపెనీ నుంచి వచ్చిన టెక్నీషియన్ తమ్ముడు కూడా ఫోన్ తీసి, "చూడండి సార్, మూడు ఖాళీగా ఉంది, అదే పెడతా" అన్నాడు. రౌటర్ సెట్టింగుల పాస్‌వర్డ్ కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది కాబట్టి మార్చాలన్నా అతనే మార్చాలి. సరే, పరీక్షగా పెట్టమన్నాను. ఆ రాత్రి పింగ్ అంతకుముందు కన్నా ఘోరంగా వచ్చింది. ఎవరూ లేని ఛానెల్‌లో ఇంత గందరగోళం ఎందుకో గ్రాఫ్ చూసి చెప్పలేం. రౌటర్ గాలిని ఎలా వింటుందో తెలిస్తేనే అర్థమవుతుంది.

రౌటర్ మాట్లాడే ముందు ఒక క్షణం చెవి ఒగ్గి వింటుంది. తన ఛానెల్‌లోనే ఇంకో వైఫై మాట్లాడుతుంటే, ఆ సంకేతం మొదటి ముక్కను గుర్తుపట్టి, అది అయ్యేదాకా ఆగుతుంది. దీనికి వైఫై ప్రమాణంలో పెట్టిన హద్దు -82 డీబీఎం. డీబీఎం సంకేతం బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సంకేతం నీరసం. అంటే చాలా నీరసమైన సంకేతానికి కూడా మర్యాద ఇస్తుంది. అదే సంకేతం సగం పక్క ఛానెల్ నుంచి వస్తే దాన్ని వైఫైగా గుర్తుపట్టలేదు. ఉత్త శబ్దంగానే వినిపిస్తుంది. శబ్దానికి ఆగాలంటే అది -62 డీబీఎం కన్నా గట్టిగా ఉండాలి. ఈ రెండు హద్దుల మధ్య 20 డెసిబెళ్ల తేడా, అంటే శక్తిలో వంద రెట్లు.

మా కేసులో 1లో ఉన్న దగ్గరి రౌటర్ -66, 6లో ఉన్నది -70. నేను 3లో ఉంటే 1తో సగం మేర, 6తో అంచు మేర అతుక్కుంటాను. రెండూ -62 కన్నా తక్కువే కాబట్టి మా రౌటర్ ఎవరి కోసమూ ఆగదు, వాళ్లూ దీని కోసం ఆగరు. అందరూ ఒకేసారి మాట్లాడతారు. పక్క వీధి గణేశ్ మండపం మైకు మోగుతుంటే ఇంట్లో మాట ఎలా వినబడదో, గదిలో ఉన్న ల్యాప్‌టాప్‌కి రౌటర్ మాట అలా వినబడదు. పంపిన ప్యాకెట్ చెడిపోతుంది, మళ్లీ పంపాలి, అదీ చెడిపోతుంది. ఈలోగా రౌటర్ భయపడి వేగం తగ్గించి పంపుతుంది, దాంతో ఒక్కో ప్యాకెట్ గాలిలో ఇంకా ఎక్కువసేపు ఉండి మరిన్ని గొడవల్లో పడుతుంది. ఒకే ఛానెల్‌లో పదిమంది ఉంటే వంతు ఆలస్యమవుతుంది గానీ వంతంటూ వస్తుంది. రెండు ఛానెళ్ల మధ్య దూరితే ఆ వంతే లేదు. పైగా మనం చెడేది కాక 1లో ఉన్నవాళ్లనీ 6లో ఉన్నవాళ్లనీ చెడగొడతాం. 13 పెట్టుకున్నా 11తో ఇదే తంతు. అపార్ట్‌మెంట్‌లో 1, 6, 11 కాక వేరే అంకె పెట్టుకోవడం పార్కింగ్ గీత మీద బండి ఆపడంతో సమానమని నా గట్టి అభిప్రాయం.

ఇక ఆ మూడింట్లో ఏది? ఇక్కడ కూడా తలలు లెక్కపెడితే మూడే రౌటర్లున్న 11 గెలవాలి. కానీ ఎన్ని రౌటర్లున్నాయన్నది కాదు, ఛానెల్ ఎంతసేపు బిజీగా ఉందన్నది ముఖ్యం. చాలా రౌటర్లు ఆ లెక్కను తామే గాలిలో ప్రకటిస్తుంటాయి. విండోస్ 11లో ఇలా చూడొచ్చు.

```
netsh wlan show networks mode=bssid
```

లినక్స్ వాడేవాళ్లకి ఇది. wlan0 స్థానంలో మీ కార్డు పేరు పెట్టండి.

```
sudo iw dev wlan0 scan | grep -E "^BSS|signal:|SSID:|primary channel|channel util"
```

విండోస్ పాత జాబితానే చూపిస్తుంటుంది. కమాండ్ ఇచ్చే ముందు టాస్క్‌బార్‌లో వైఫై జాబితా ఒకసారి తెరిస్తే కొత్తగా వెతుకుతుంది. వచ్చిన దాంట్లో ప్రతి రౌటర్ కింద Signal, Channel ఉంటాయి. ప్రకటించే రౌటర్లకు Bss Load కింద Channel Utilization అనే అంకె కూడా ఉంటుంది. ఇది 255కి లెక్క. Signal శాతంలో సగం తీసుకుని అందులోంచి వంద తీసేస్తే డీబీఎం వస్తుంది. 68 శాతం అంటే -66. 36 శాతం అంటే -82, కాబట్టి దానికన్నా బాగా తక్కువ ఉన్న రౌటర్లు మనల్ని పెద్దగా ఆపవు. ఒకే రౌటర్ రెండు మూడు పేర్లతో కనిపించవచ్చు. రౌటర్ గుర్తింపు సంఖ్య అయిన BSSID దాదాపు ఒకేలా ఉండి ఒకటి రెండు అక్షరాలే మారితే దాన్ని ఒక్కటిగానే లెక్కపెట్టండి.

కొలిచేటప్పుడు మీ రౌటర్ ఆపేయండి. లేకపోతే మీ ట్రాఫిక్ కూడా పక్కవాళ్ల లెక్కలో కలిసి, మీరున్న ఛానెలే చెడ్డదిగా కనిపిస్తుంది. టెక్నీషియన్ వచ్చే పగటివేళ కాదు, ఇబ్బంది పడే వేళలోనే కొలవండి. ఒక్క అంకెను నమ్మకుండా కొన్ని నిమిషాల తేడాతో మళ్లీ చూడండి. ఆ అంకె ఆ రౌటర్ ఉన్న చోట నుంచి వినిపించే రద్దీ కాబట్టి, ప్రతి ఛానెల్‌లోనూ మీకు గట్టిగా వినిపించే రౌటర్ చెప్పిందే తీసుకోండి.

మాకు రాత్రి వచ్చినవి: 1లో 117, అంటే 46 శాతం. 6లో 66, అంటే 26 శాతం. 11లో 178, అంటే 70 శాతం. మూడు రౌటర్లున్న ఛానెల్ అన్నిటికన్నా బిజీ, పది ఉన్నది అన్నిటికన్నా తేలిక. 6లో ఉన్న పదిలో ఎక్కువ భాగం 30 శాతం సిగ్నల్ కూడా లేనివి, పక్క బిల్డింగ్‌వి. 11 సంగతి ఎదురు ఫ్లాట్ అంకుల్‌ని అడిగితే తేలింది. ఆయన రౌటర్ మీద నాలుగు వైఫై కెమెరాలున్నాయి, రెండు కింద పార్కింగ్‌లో. మూడు స్లాబులు దాటి సిగ్నల్ నీరసపడితే కెమెరా తక్కువ వేగంతో పంపుతుంది, అదే వీడియో గాలిలో ఎన్నో రెట్లు ఎక్కువసేపు నడుస్తుంది. రోజంతా అదే పని. అలాంటి కెమెరాకి ల్యాన్ కేబుల్ లాగిస్తే ఆయన కెమెరాలూ బాగుపడతాయి, ఆ ఛానెల్ మొత్తమూ ఊపిరి పీల్చుకుంటుంది.

6 పెట్టమంటే టెక్నీషియన్ ఒప్పుకోలేదు. "ఆటోలో ఉంచండి సార్, అదే మంచిది చూసుకుంటుంది" అని వాదించాడు. చాలా రౌటర్లకు ఆటో అంటే ఆన్ అయిన క్షణంలో ఒక్కసారి చూసుకోవడమే. కరెంటు పోయి వస్తే బిల్డింగ్‌లో రౌటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. అప్పటికి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి ఏ ఛానెల్ చూసినా ఖాళీగానే ఉంటుంది. ఆ పూట తీసుకున్న నిర్ణయంతో రాత్రంతా గడపాలి. కస్టమర్ కేర్‌లో పైవాళ్లదాకా వెళ్లి, పాస్‌వర్డ్ నాకు ఇప్పించుకున్నాను. మీరు కూడా అడగండి. డబ్బు కట్టి వాడుకుంటున్న ఇంట్లో ఛానెల్ మార్చుకోవడానికి ఒకరి దయ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

లోపల మార్చాల్సినవి రెండే. 2.4 గిగాహెర్ట్జ్ పేజీలో Channel 6, Channel Width 20 మెగాహెర్ట్జ్. వెడల్పు 40 ఉంటే ఉన్న మూడు జాగాల్లో రెండింటి మీద పడుకున్నట్టే. పేపర్ మీద వేగం పెరుగుతుంది, అపార్ట్‌మెంట్‌లో తగ్గుతుంది. మార్చాక రాత్రి పింగ్ ఎక్కువగా 3 నుంచి 12 మధ్య వచ్చింది, టైమ్‌డ్ అవుట్ పోయింది. వేగం కొండెక్కలేదు, 26 శాతం రద్దీ ఇంకా ఉంది మరి.

5 గిగాహెర్ట్జ్ అందుకునే ఫోన్లూ టీవీలూ అటే వెళ్లాలి, అక్కడ జాగా ఎక్కువ, గోడలు కూడా పక్కింటి సంకేతాన్ని బాగా ఆపుతాయి. అక్కడా అదే కమాండ్‌తో చూశాను, రౌటర్లలో ఎక్కువ 36లో గుమిగూడి ఉన్నాయి. 149 తేలిగ్గా ఉంది, అదే పెట్టాను. 52 నుంచి 144 దాకా కూడా ఖాళీగా ఉంటాయి గానీ, అవి రాడార్లతో పంచుకునేవి. రౌటర్ అక్కడికి వెళ్లే ముందు కనీసం ఒక నిమిషం వింటుంది, రాడార్ అనుమానం వస్తే మధ్యలోనే ఛానెల్ వదిలేస్తుంది. కాల్ మధ్యలో ఆ తెగడం నాకొద్దు.

ఒక జాగ్రత్త: కంపెనీ దూరం నుంచి రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే ఛానెల్ మళ్లీ Auto కి, వెడల్పు 40కి మారిపోవచ్చు. ఉన్నట్టుండి రాత్రి కాల్స్ తెగడం మొదలైతే, వాళ్లకి ఫోన్ చేసే ముందు ఈ రెండు గడులు చూడండి.