కప్పకీ సాలీడుకీ ఒకే స్థానం: గేట్ ఎకాలజీలో ఫుడ్ వెబ్ మ్యాట్రిక్స్ లెక్కలు

గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్‌కి గుంటూరులో కూర్చుని చదువుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బ్రాడీపేటలో ఏ సందులో తిరిగినా కోచింగ్ బోర్డులే గానీ, ఈ పేపర్ చెప్పేవాళ్ళు నాకైతే కనబడలేదు. అందుకని నేనూ, నాకంటే జూనియర్ అయిన తెనాలి తమ్ముడొకడూ రీడింగ్ రూమ్‌లో కూర్చుని లెక్కలన్నీ మేమే తయారుచేసుకుని చేసేవాళ్ళం. ఫుడ్ వెబ్ మ్యాట్రిక్స్ వాళ్ళ పొలంలోంచే తెచ్చుకున్నాం. పుస్తకంలో ఎ, బి, సి అని ఇచ్చిన జీవుల కంటే కళ్ళతో చూసిన జీవులైతే బాణం ఎటు వెళ్ళాలో వెంటనే తెలుస్తుంది.

డెల్టా వరిమడిలో ఆరింటిని తీసుకున్నాం. వరి, నీటిలో నాచు, వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ, లార్వా దశలో నాచు తినే మిడ్జ్ ఈగ, గూడు కట్టకుండా నీటి మీద, దుబ్బుల మధ్య పరుగెత్తి వేటాడే సాలీడు, కప్ప. ఈ సాలీడు సుడిదోమనూ మిడ్జ్‌నూ తింటుంది, చిన్నదైతే తన జాతినీ వదలదు. కప్ప ఆ మూడింటినీ తింటుంది. మడిలో ఇంకా చాలా ఉన్నాయి, లెక్కకి ఇవి చాలు. నిలువు వరసలో తినేది, అడ్డు వరసలో తినబడేది అనుకుంటే మ్యాట్రిక్స్ ఇలా వస్తుంది:

```
      వ  నా  సు  మి  సా  క
వ     0  0   1   0   0   0
నా    0  0   0   1   0   0
సు    0  0   0   0   1   1
మి    0  0   0   0   1   1
సా    0  0   0   0   1   1
క     0  0   0   0   0   0
```

ఒకట్లు లెక్కపెడితే 8. అంటే జీవులు S = 6, లింకులు L = 8. లింక్ డెన్సిటీ L/S, అంటే 8/6 = 1.33. కనెక్టెన్స్ అంటే ఉండగలిగిన లింకుల్లో నిజంగా ఉన్నవి ఎంత వంతు అని. L/S² వేస్తే 8/36 = 0.22. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

మార్కు పోయేది కింద ఏ సంఖ్య వేయాలన్న దగ్గర. S² వేశామంటే ప్రతి జీవీ తనను తాను తినే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నట్టు. ప్రశ్నలో స్వజాతి భక్షణ వదిలేయమంటే కింద S(S−1) = 30 వస్తుంది. అప్పుడు పైన కూడా సాలీడు తన మీద తనకున్న ఒకటి తీసేయాలి, కాబట్టి 7/30 = 0.23. పైన 8 ఉంచేసి కింద మాత్రం 30 వేస్తే 0.27 వస్తుంది, అది ఏ నిర్వచనానికీ సరిపోదు. దిశ పట్టించుకోకుండా జతలు మాత్రమే చూడమంటే 7/15 = 0.47. ఒకే మడికి మూడు సరైన జవాబులున్నాయి. న్యూమరికల్ ప్రశ్నలో నెగెటివ్ మార్కులు లేకపోయినా పక్కన ఆప్షన్లు ఉండవు, మనం ఏ నిర్వచనం వాడామో హెచ్చరించేది ఏదీ ఉండదు. అందుకే ముందు డయాగనల్ మీద ఒకటి ఉందో లేదో చూసి, ఆ తర్వాత ప్రశ్న ఇంకోసారి చదవండి.

ఇప్పుడు ట్రోఫిక్ పొజిషన్. సూత్రం చిన్నదే: ఉత్పత్తిదారులకి 1, మిగతావాటికి తాము తినేవాటి స్థానాల సగటుకి 1 కలపాలి. వరి, నాచు 1. సుడిదోమ, మిడ్జ్ 2. సాలీడు దగ్గరకొచ్చేసరికి తమ్ముడు పెన్ను పక్కన పెట్టేశాడు.

“అన్నా, సాలీడు స్థానం కావాలంటే సాలీడు స్థానం తెలియాలిగా?”

“తెలియదు కాబట్టే T అనుకో, సమీకరణం రాయి” అన్నాను.

T = 1 + (2 + 2 + T)/3. రెండు వైపులా మూడుతో గుణిస్తే 3T = 7 + T, అంటే T = 3.5. తర్వాత కప్ప: 1 + (2 + 2 + 3.5)/3 = 3.5.

కప్ప సాలీడును తింటుంది కదా, రెండూ ఒకే ఎత్తులో ఎలా ఉంటాయని వాడు ఒప్పుకోలేదు. మ్యాట్రిక్స్‌లో చివరి రెండు నిలువు వరసలు చూడండి, అచ్చు ఒకటే. ఒకే ఆహారం తినేవాటికి ఒకే స్థానం వచ్చి తీరుతుంది, ఎవరు ఎవరిని తింటున్నారన్నది ఆ సగటుకి తెలియదు. ఇది కనిపెడితే పరీక్షలో కప్పకి విడిగా లెక్క చేయనక్కర్లేదు. స్వజాతి భక్షణ తీసేస్తే సాలీడు 3కి దిగుతుంది, కప్ప 3.33 అవుతుంది, అప్పుడే కప్ప పైకి తేలుతుంది.

ఈ 3.5ని అంత గట్టిగా నమ్మొద్దని కూడా నా అభిప్రాయం. 0, 1 మాత్రమే ఉన్న మ్యాట్రిక్స్‌లో సాలీడు ఆహారంలో మూడో వంతు సాలీళ్ళే అని మనకి తెలియకుండానే ఒప్పుకున్నాం. ప్రశ్నలో ఆహార భాగాలు ఇచ్చి, స్వజాతి 5 శాతం, మిగతా 95 శాతం సుడిదోమ, మిడ్జ్ అన్నారనుకోండి. T = 1 + 0.95 × 2 + 0.05T, అంటే 0.95T = 2.9, T = 3.05. ఒక్క డయాగనల్ అంకె దాదాపు అర మెట్టు తేడా తెచ్చింది. కనుక భాగాలు ఇచ్చినప్పుడు సమాన సగటు వేయకూడదు, ఇవ్వనప్పుడే వేయాలి.

వరసలు తారుమారైతే ఎలా పట్టుకోవాలి? కొందరు అడ్డు వరసలో తినేదాన్ని పెడతారు. దీనివల్ల కనెక్టెన్స్, లింక్ డెన్సిటీ మారవు, ఒకట్లు అన్నే ఉంటాయి కాబట్టి తప్పు బయటపడదు. బయటపడేది ట్రోఫిక్ పొజిషన్‌లో. పై మ్యాట్రిక్స్‌ని తిరగేసి చదివితే కప్పకి 1, సాలీడు, సుడిదోమ, మిడ్జ్ మూడింటికీ 3, వరికి 4 వస్తాయి. వరి అందరికంటే పైన కూర్చుందంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. ముందుగానే చూసుకోవాలంటే, తినేవాళ్ళ వైపు అంతా సున్నాలున్నవి మొక్కలేనా అని చూస్తే చాలు.

ఇంటి దగ్గర సరిచూసుకోవడానికి మేం ఆర్ వాడేవాళ్ళం. పై మ్యాట్రిక్స్‌ని `A`లో పెట్టాక మూడే వరసలు:

```
P <- t(A)
k <- pmax(rowSums(P), 1)
solve(diag(6) - P / k, rep(1, 6))
```

1, 1, 2, 2, 3.5, 3.5 వస్తాయి. మ్యాట్రిక్స్ సింగ్యులర్ అని ఎర్రర్ వస్తే ఏదో ఒక జీవికి మొక్క దాకా దారి లేదని అర్థం. ఉదాహరణకి సాలీడుకి మిగతా రెండు ఒకట్లూ ఎక్కించడం మరిచి తన మీద తనకున్నది మాత్రమే ఉంచితే T = 1 + T అవుతుంది, దానికి జవాబే లేదు.

ఇంకొకటి, థియరీ ప్రశ్నగా అడగదగ్గది. వరినీ నాచునూ కలిపి “ఉత్పత్తిదారులు” అని ఒకే గడిలో పెట్టేయండి. S = 5 అవుతుంది, లింకులు 8 అలాగే ఉంటాయి. కనెక్టెన్స్ 0.22 నుంచి 8/25 = 0.32కి ఎగబాకుతుంది, లింక్ డెన్సిటీ 1.6 అవుతుంది, ట్రోఫిక్ స్థానాలు మాత్రం ఒక్కటీ కదలవు. మడిలో ఏమీ మారలేదు, మనం పేర్లు పెట్టిన తీరు మారిందంతే. రెండు ఫుడ్ వెబ్‌ల కనెక్టెన్స్ పోల్చమని అడిగితే, రెండింటిలో జీవులను ఒకే స్థాయిలో విడదీశారా అన్నది మీ జవాబులో మొదటి వాక్యంగా ఉండాలి. ఒక వెబ్‌లో చేపలను జాతుల వారీగా రాసి, మొక్కలన్నిటినీ ఒకే మూటగా కట్టేస్తే ఆ అంకె పక్కదానితో పోలికకి పనికిరాదు.