2-ఇథైల్ కనిపిస్తే ఎక్కడ ఆగాలి? కర్బన సమ్మేళనాల పేర్ల వర్క్‌షీట్‌తో నా అనుభవం

మా కెమిస్ట్రీ వర్క్‌షీట్‌లో మూడు భాగాలున్నాయి. మొదట శాఖలున్న ఆల్కేన్లు, తర్వాత ఆల్కీన్లు, చివర్లో ఆల్కహాల్, కీటోన్ లాంటి ఫంక్షనల్ గ్రూపులున్నవి. అన్నిటికంటే పొడవైన కార్బన్ గొలుసు వెతకాలి, నంబర్లు వెయ్యాలి, శాఖల పేర్లు ఇంగ్లిష్ అక్షర క్రమంలో ముందు చేర్చాలి. నోట్సులో చదువుతుంటే ఇంతేగా అనిపిస్తుంది. వర్క్‌షీట్ తయారుచేసినవాళ్లు మాత్రం గొలుసుని తిన్నగా గీయరు. మెలికలు తిప్పి, అసలు గొలుసులో సగాన్ని కిందికి వేలాడదీస్తారు. అందుకని బొమ్మలో అడ్డంగా ఉన్న గీతను నమ్మడం మానేసి, ప్రతి చివరి కార్బన్ నుంచి మిగతా చివరలన్నిటికీ పెన్సిల్‌తో నడుచుకుంటూ వెళ్లాను.

మొదటి భాగంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇది:

CH3-CH(CH3)-CH(CH2CH3)-CH2-CH2-CH3

ఎడమ చివర నుంచి కుడి చివరకు వెళ్తే ఆరు కార్బన్లు. కిందికి వేలాడుతున్న ఇథైల్ దగ్గర మొదలుపెట్టి కుడివైపు తిరిగినా ఆరే. మొదటి దారిలో వెళ్తే పేరు 3-ఇథైల్-2-మిథైల్‌హెక్సేన్. రెండో దారిలో వెళ్తే 3-ఐసోప్రొపైల్‌హెక్సేన్. రెండు పేర్ల నుంచీ బొమ్మ వెనక్కి గీస్తే ఒకే సమ్మేళనం వస్తుంది, C9H20. మరి ఏది రాయాలి? పొడవు సమానమైనప్పుడు ఎక్కువ శాఖలు మిగిల్చే గొలుసే ప్రధాన గొలుసు. మొదటి దారిలో రెండు శాఖలు, రెండో దారిలో ఒక్కటే, కాబట్టి మొదటి పేరే సరైనది. చూడ్డానికి చిన్న పేరే బాగుంటుంది కానీ, ఈ రూల్ వల్ల శాఖలు చిన్నవిగా, సాదాగా మిగులుతాయి. శాఖకే మళ్లీ శాఖ ఉంటే దానికి వేరే పేరు వెతుక్కోవాలి.

ఆల్కేన్లలో తప్పు పట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన గుర్తు ఒకటుంది. రాసిన పేరులో 1-మిథైల్ గానీ 2-ఇథైల్ గానీ కనిపిస్తే గొలుసు ఎంపికే తప్పు. ఉదాహరణకి 2-ఇథైల్‌బ్యూటేన్ తీసుకోండి. రెండో కార్బన్‌కి ఒక పక్క మిగిలింది ఒక్క కార్బన్, శాఖలో ఉన్నవి రెండు. ఆ ఒక్క కార్బన్‌ని వదిలేసి శాఖలోకి తిరిగితే గొలుసు ఒక కార్బన్ పెరిగి ఐదవుతుంది. అసలు పేరు 3-మిథైల్‌పెంటేన్. అలాగే గొలుసు చివర 3-ప్రొపైల్ ఉన్నా అనుమానించాల్సిందే.

నంబర్లు వెయ్యడం దగ్గర నాకూ, పక్కన కూర్చుని చేస్తున్న ఫ్రెండ్‌కీ కాసేపు వాదన నడిచింది. పది కార్బన్ల గొలుసు మీద మూడు మిథైల్‌లు. ఒకవైపు నుంచి లెక్కపెడితే 2, 7, 8. రెండోవైపు నుంచి 3, 4, 9.

"మొత్తం తక్కువ రావాలి కదరా, 3, 4, 9 కూడితే 16. నీది 17" అన్నాడు.

చాలామంది మొత్తాల రూలే గుర్తుపెట్టుకుంటారు. చిన్న లెక్కల్లో అది సరిపోతుంది కూడా, అందుకే అది తప్పని తెలియదు. ఐయూపీఏసీ రూల్‌లో కూడికే లేదు. రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి, మొదట తేడా వచ్చిన చోట ఏది చిన్నదో చూడాలి. ఇక్కడ మొదటి అంకెలోనే తేడా వచ్చేసింది, 3 కంటే 2 చిన్నది. అక్కడితో తేలిపోయింది, తర్వాతి అంకెలు ఎంత పెద్దవైనా పట్టించుకోనక్కర్లేదు. పేరు 2,7,8-ట్రైమిథైల్‌డెకేన్.

ఆల్కీన్లకి వచ్చేసరికి నంబరింగ్‌లో మిథైల్ మాట చెల్లదు. డబుల్ బాండ్‌కి చిన్న నంబరు దొరికే వైపు నుంచే మొదలుపెట్టాలి. CH3-CH(CH3)-CH2-CH=CH2 కి కుడివైపు నుంచి నంబర్లు వేసి 4-మిథైల్‌పెంట్-1-ఈన్ అంటాం. ఇది తేలిక. ఇబ్బందల్లా దీని తర్వాతిది:

CH2=C(CH2CH3)-CH2-CH2-CH3

మా వర్క్‌షీట్ పైన 'ప్రధాన గొలుసులో డబుల్ బాండ్ తప్పనిసరిగా ఉండాలి' అని రాసుంది. ఆ ప్రకారం గొలుసు ఐదు కార్బన్లది, పేరు 2-ఇథైల్‌పెంట్-1-ఈన్. ఇందాకటి నా గుర్తు ఇక్కడ గంట కొట్టింది, 2-ఇథైల్ ఉందిగా. నిజమే, ఇథైల్ నుంచి ప్రొపైల్‌లోకి వెళ్తే ఆరు కార్బన్ల దారి ఉంది. కానీ ఆ దారిలో డబుల్ బాండ్ బయట మిగిలిపోతుంది. అంటే డబుల్ బాండ్ కోసం తెలిసే చిన్న గొలుసు ఎంచుకున్నాం, అందుకే 2-ఇథైల్ వచ్చింది. తప్పేం కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2013లో వచ్చిన ఐయూపీఏసీ సిఫారసుల్లో పొడవుకే మొదటి స్థానం ఇచ్చారు, డబుల్ బాండ్ తర్వాతే. వాటి ప్రకారం ఇదే సమ్మేళనం పేరు 3-మిథిలిడీన్‌హెక్సేన్. పాఠ్యపుస్తకాలు చాలావరకు పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. వర్క్‌షీట్ ఏ రూల్ ఇచ్చిందో దాని ప్రకారమే జవాబు రాసి, కొత్త పేరుని మార్జిన్‌లో పెట్టాను. ఆన్‌లైన్‌లో వెతికినప్పుడు కొత్త పేరు కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒక్క పదార్థమే.

మూడో భాగంలో పెత్తనం ఫంక్షనల్ గ్రూప్‌ది. ఇక్కడ పాత, కొత్త రూల్స్‌కి గొడవ లేదు. CH3-CH2-CH2-CH2-CH(CH2CH3)-CH2OH బొమ్మలో OH కార్బన్‌ని వదిలేసి వెళ్తే ఏడు కార్బన్ల గొలుసు దొరుకుతుంది. అయినా అది పనికిరాదు. OH ఉన్న కార్బన్ గొలుసులో ఉండాలి కాబట్టి ఆరే, పేరు 2-ఇథైల్‌హెక్సాన్-1-ఓల్. మళ్లీ 2-ఇథైల్, మళ్లీ సరైనదే.

ఒకే అణువులో రెండు గ్రూపులుంటే ఎవరు పెద్దో ముందే తేల్చుకోవాలి. CH3-C(OH)(CH3)-CH2-CO-CH3 లో కీటోన్ పెద్ద, OH చిన్న. పేరు చివర కీటోన్‌దే అవుతుంది, OH మామూలు శాఖలా ముందుకెళ్లి హైడ్రాక్సీ అవుతుంది. నంబర్లు కీటోన్‌కి దగ్గరి చివర నుంచి, అంటే కుడివైపు నుంచి వేస్తే 4-హైడ్రాక్సీ-4-మిథైల్‌పెంటాన్-2-ఓన్. ఇలాంటిదానికి రాశాక ఒకసారి బొమ్మ చూడకుండా పేరు నుంచే లెక్కపెట్టుకున్నాను. పెంటాన్‌లో ఐదు, మిథైల్‌లో ఒకటి, మొత్తం ఆరు కార్బన్లు, రెండు ఆక్సిజన్లు. బొమ్మలోనూ అంతే ఉన్నాయి, C6H12O2. గొలుసు తప్పుగా ఎంచుకున్నా ఈ లెక్క సరిపోవచ్చు కాబట్టి ఇది పట్టుకునేది వదిలేసిన కార్బన్లనే. గొలుసు కోసం మాత్రం మళ్లీ పెన్సిల్ పట్టుకుని చివర నుంచి చివరకు నడవాల్సిందే.