రెండు పాలసీలు, ఒకే నష్టం

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంట్లో నాలుగు రోజులు నిలిచాయి. వైరింగ్, తలుపులు, గోడల మరమ్మతుకు లక్షన్నర అయింది. హోమ్ లోన్‌తో పాటు బ్యాంకు చేయించిన ఇంటి బీమా పాలసీ 20 లక్షలకు, నేను విడిగా తీసుకున్నది 30 లక్షలకు. రెండుచోట్లా లక్షన్నర చొప్పున వస్తుందని లెక్కలేసుకున్నా. అత్యాశే!

నష్టం అంచనాకు వచ్చిన సర్వేయర్ గారు నవ్వి, "బీమా ఇచ్చేది పోయినంత వరకే సార్, లాభం కాదు" అన్నారు. పాలసీ మొత్తాలను బట్టి కంపెనీలు నష్టాన్ని 2:3 లెక్కన పంచుకున్నాయి. ఒకరు 60 వేలు, ఇంకొకరు 90 వేలు. దీన్నే కాంట్రిబ్యూషన్ అంటారట. ఒకే కంపెనీ మొత్తం ఇచ్చినా, రెండోదాని వాటా రాబట్టుకునేది ఆ కంపెనీయే, నేను కాదు. క్లెయిమ్ ఫారంలో రెండో పాలసీ సంగతి దాచి ఉంటే, మోసం కింద అసలుకే ఎసరు వచ్చేది. మూడేళ్లుగా ప్రీమియం మాత్రం రెండుచోట్లా కట్టా.