పిక్క నొక్కితే పాదం కదల్లేదు

ఆదివారం షటిల్ ఆడుతూ నెట్ దగ్గర పడిన షాట్ కోసం ఒక్కసారిగా ముందుకి ఉరికాను, టప్పుమని శబ్దం, ఎవరో వెనక నుంచి మడమ మీద తన్నినట్టు అనిపించి తిరిగి చూస్తే ఎవరూ లేరు. నొప్పి గట్టిగానే వచ్చింది కానీ కాసేపటికి తగ్గింది. కుంటుతూ నడుస్తున్నాను, పాదం కిందికి వంచగలుగుతున్నాను, దాంతో అందరూ "నరం పట్టేసిందిలే, ఐస్ పెట్టు" అన్నారు.

ఎముకల డాక్టర్ మాత్రం బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు బయటికి ఉంచి, పిక్క నొక్కారు. బాగున్న కాలి పాదం దానంతటదే కిందికి వంగింది, దెబ్బ తగిలినది ఉలకలేదు. కండరం పట్టేసినా, కాస్త చిరిగినా నొప్పి ఉంటుంది గానీ పాదం కదులుతుందట. నాకు పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే పట్టీ, అంటే అకిలిస్ టెండన్, పూర్తిగా తెగింది. మడమకి కాస్త పైన వేలు పెడితే గుంట కూడా తగిలింది.

మరి పాదం ఎలా వంగిందంటే, లోపలి వేరే కండరాలు ఆ పని కొంత చేస్తాయట. ఆ ఒక్క కాలి మీద మడమ పైకి లేపడం మాత్రం వాటి వల్ల కాదు. ఎక్స్‌రేలో టెండన్ సరిగ్గా కనిపించదు కాబట్టి అల్ట్రాసౌండ్ తీసి ఖాయం చేశారు. తెగిన కొసలు దగ్గరగా ఉండాలని వేళ్లు కిందికి చూసేలా కట్టు వేశారు, ఆపరేషనా, కట్టుతోనే సరిపోతుందా అన్నది ఈ వారంలో చెప్తారట.