వెంకటేశు వ్రాలు: టెన్త్ సర్టిఫికెట్‌లో నా పేరు దిద్దించుకున్న కథ

నిన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే హెచ్.ఎం. గారు ఫోన్ చేశారు, సర్టిఫికెట్ దిద్దుబాటై వచ్చిందని. కంచం అలాగే వదిలేసి బండి తీశాను. నాలుగు నెలల పదకొండు రోజులు పట్టింది. అంతా రెండక్షరాలు ఒకదాని చోట ఒకటి కూర్చున్నందుకు.

మాది గోదావరి జిల్లాల్లో ఒక పల్లె. మా వైపు పాస్‌పోర్టు చేయిస్తున్నాడంటే గల్ఫే. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను, కువైట్‌లో ఉన్న మా బావ పని చూస్తానన్నాడు. నెట్ సెంటర్ కుర్రాడు ఫారం నింపుతూ మధ్యలో ఆగి, "అన్నా, ఇదేంటి, ఆధార్‌లో ఒకలా, టెన్త్‌లో ఒకలా ఉందీ?" అన్నాడు. ఆధార్‌లో VENKATESWARLU. టెన్త్‌లో VENKATESWRALU. నేను పాసయింది 2011లో. పద్నాలుగేళ్లు ఆ కాగితాన్ని బీరువాలో దాచుకున్నానే గానీ ఒక్కసారీ అక్షరం అక్షరం చదవలేదు.

పుట్టిన తేదీకి టెన్త్ సర్టిఫికెట్టే పెట్టక్కర్లేదు, పాన్ కార్డు పెట్టినా సరిపోతుంది. కానీ టెన్త్ పాసయినట్టో, దానికి సరిపడే ఇంకో అర్హత ఉన్నట్టో చూపించకపోతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది. అది పడితే కువైట్, సౌదీ లాంటి చోట్లకి పనికి వెళ్లడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ విడిగా తెచ్చుకోవాలి. అందుకని టెన్త్ వదలదలచుకోలేదు.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఆధార్‌లోనే తప్పు స్పెల్లింగ్ పెట్టించేయమన్నాడు ఒకడు. ఆధార్‌లో పేరు జీవితం మొత్తం మీద రెండుసార్లే మార్చుకోనిస్తారు. అందులో ఒకటి తప్పు రాయించుకోవడానికి ఖర్చు చేయాలా? పైగా అది మా తాతయ్య పేరు. ఇంకొకాయన గెజిట్ చేయిస్తానని ఐదు వేలు పట్టుకుపోయాడు. ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే. గెజిట్ పేరు మార్చుకునే వాళ్లకి. అచ్చుతప్పు దిద్దించుకోవాలంటే తప్పు ఏ కాగితంలో పుట్టిందో దాని దగ్గరికే వెళ్లాలి. ఈ ముక్క నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు.

టెన్త్ సర్టిఫికెట్‌లో దిద్దుబాటు మనం నేరుగా పెట్టుకునేది కాదు. చదివిన స్కూలు హెడ్మాస్టరు ప్రపోజల్ రాయాలి. దానికి ఒరిజినల్ సర్టిఫికెట్, అడ్మిషన్ రిజిస్టరులో మన పేరున్న పేజీ నకలు, చలానా జతచేసి పై ఆఫీసు ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి పంపాలి. మా హెచ్.ఎం. గారు మంచావిడ. ఒక్క పూటలో రిజిస్టరు తీయించి, నకలు రాయించి, సంతకం పెట్టి పంపించేశారు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.

నెలన్నరకి అది తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చిందో కనుక్కోవడానికి పై ఆఫీసుకి వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, మళ్లీ పని పడితే నేనే వెళ్లాలి.

ఆ గదిలో ఆరు బల్లలున్నాయి. నా ఫైలు ఉన్న గుమాస్తా టీ తాగుతూ, తల ఎత్తకుండానే, "నీ పేరు ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు. చెప్పాను. "అలా కాదు, అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పు." ముప్పై ఏళ్లవాణ్ణి, ఒకటో తరగతి పిల్లాడిలా వీ, ఈ, ఎన్ అంటూ నిలబడి చెప్పాను. మధ్యలో కంగారొచ్చి ఆర్ ముందో ఏ ముందో తడబడ్డాను. "చూశారా, ఈయనకే రాదు, సర్టిఫికెట్ ఎలా వస్తుంది!" అని గదంతా వినపడేలా అన్నాడు. నవ్వారు. మా ఊరి పంతులమ్మ ఒకావిడ బెంచీ మీద కూర్చుని ఉంది, ఆవిడ కూడా నవ్వింది.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. అడ్మిషన్ రిజిస్టరులో నా పేరు తెలుగులో ఉంది: వెంకటేశ్వర్లు. తెలుగు పేరు చూపించి ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పని ఎలా తేలుస్తావు అని వాళ్ల అభ్యంతరం. కోపమొచ్చిందిగానీ ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఇంగ్లీషులో పేరు మొదట ఎక్కేది నామినల్ రోల్‌లో, అంటే పరీక్షకి ముందు స్కూలు పంపే విద్యార్థుల జాబితాలో. దాని ఆఫీసు కాపీ స్కూల్లో ఉండాలి. అందులో సరిగ్గా ఉంటే తప్పు అచ్చువేసిన వాళ్లది, పని తేలిక. అందులోనే తప్పుంటే తప్పు స్కూలుది, హెడ్మాస్టరు సంజాయిషీ రాసివ్వాలి.

మళ్లీ స్కూలుకి. ల్యాబ్ వెనకాల గదిలో బీరువా. తలుపు తీయగానే చెదపురుగుల మట్టి వాసన. అటెండరూ నేనూ రెండు మధ్యాహ్నాలు కట్టలు విప్పాం. ఎర్ర గుడ్డలో చుట్టిన 2011 కట్ట దొరికింది, అంచులు చెదలు తినేశాయి, పేర్లు మాత్రం మిగిలాయి. వేలు పెట్టి వెతికాను. VENKATESWRALU. అక్కడే పుట్టింది ఆ తప్పు. దాని పక్కన, చూసి సరిచూసుకున్నట్టు, పదిహేనేళ్ల వయసులో పెట్టిన నా సంతకం. వంకర టింకరగా, కింద రెండు గీతలు కూడా లాగి.

పాత రోజుల్లో తెలుగు చెప్పిన మాస్టారు ఒకాయన రిటైరయ్యాక కూడా స్కూలుకి వస్తుంటారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, "వెంకటేశు వ్రాలు! ఒరే అబ్బాయ్, వ్రాలంటే సంతకంరా. పేరులోనే సంతకం పెట్టేశావు, ఇంక నిన్నెవరు కాపాడతారు?" అన్నారు. ఆ ఆఫీసులో నవ్వినప్పుడు ఏడుపొచ్చింది, ఇక్కడ నాకే నవ్వాగలేదు.

తర్వాతదంతా చకచకా. రిజిస్టరు తెలుగు పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు పొరపాటు జరిగిందని హెచ్.ఎం. గారు ఉత్తరం రాశారు. నామినల్ రోల్ నకలు మీద సంతకం, ముద్ర వేశారు. నేను నోటరీ అఫిడవిట్ ఇచ్చాను. ఆధార్ జిరాక్సు కూడా పెట్టాం. ఈసారి తిరిగి రాలేదు.

ఈ పని మీద వెళ్లేవాళ్లు ప్రపోజల్ పంపకముందే నామినల్ రోల్ తీయించండి, నాలా నెలన్నర పోగొట్టుకోకండి. ఒరిజినల్ చేతి నుంచి పోతుంది కాబట్టి ముందు రెండు వైపులా స్కాన్ చేయించుకోండి. అది తిరిగొచ్చేదాకా పాస్‌పోర్టుకి డబ్బు కట్టొద్దు. నెట్ సెంటర్ వాళ్లు తొందరపెడతారు, వాళ్ల యాభై రూపాయలు వాళ్లకి కావాలి. పదిహేను వందలు మాత్రం మనవి. ఆ గుమాస్తాకి టీ డబ్బులు ఇవ్వమని నాకు ముగ్గురు చెప్పారు. ఇవ్వలేదు. ఇవ్వకుండానే అయింది, ఆ మాట గట్టిగానే చెబుతాను.

నిన్న హెచ్.ఎం. గారి బల్ల ముందు కొత్త కాగితం మీద అక్షరాలు లెక్కపెట్టాను. పదమూడు. ఆర్ ఎక్కడుండాలో అక్కడే ఉంది. ముట్టినట్టు రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. పెట్టేముందు అందులో నా పేరు ఎలా రాశారో చూస్తుంటే ఆవిడ నవ్వారు.

ఇంటికొచ్చి ఐటీఐ సర్టిఫికెట్ బయటికి తీశాను. దాన్ని టెన్త్ చూసే రాశారు కదా. అందులోనూ వ్రాలే. సోమవారం ఐటీఐకి వెళ్లాలి.