చుక్క పెట్టిన గడి

రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టడం లేదు. కారణం చిన్నదే: ఎనిమిదో తరగతి హాజరు పట్టికలో తొమ్మిదో నంబరు పిల్లవాడి ఎదురుగా ఉన్న ఒక చుక్క.

2024 ఫిబ్రవరి పేజీని ఈ రోజు సాయంత్రం కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఇరవై తొమ్మిది రోజుల్లో నాలుగు ఆదివారాలు, ఒక రెండో శనివారం, ఎర్ర సిరాతో నిలువునా "సమ్మక్క జాతర" అని రాసిన 21 నుంచి 24 వరకు నాలుగు రోజులు పోగా ఇరవై పనిదినాలు మిగిలాయి. ఉదయానికి ఒక వాలుగీత, మధ్యాహ్నానికి దాని మీదుగా ఎదురుగీత, రాని పూటకు 'ఏ'. అందుకే నేను రోజుకు రెండు గడుల చొప్పున నలభై గడులు పెట్టుకొని, వచ్చిన పూటకు P, రాని పూటకు A కొడుతూ, చివరి గడిలో ఇది రాసుకున్నాను:

```
=COUNTIF(D5:AQ5,"P")/2
```

పెద్దమ్మాయి చదువుతూ ఉంటే నేను కొట్టాను. "అమ్మా, ఇది చుక్కనా, ఈగ రెట్టనా?" అని అది మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చుక్కే.

ముప్పై నాలుగు వరుసలు పూర్తయ్యాక నా మొత్తాలను రిజిస్టరు మొత్తాలతో పోల్చి చూస్తే, 23వ నంబరుకు అక్కడ పదిహేడున్నర ఉండగా నాకు పదహారున్నర వచ్చింది. 24వ నంబరుకు అక్కడ పదిహేను, నాకు పదహారు. కానీ పేజీ అడుగున ఏ రోజుకారోజు రాసిన హాజరు సంఖ్యలన్నీ నా లెక్కతో సరిపోయాయి. నిలువు మొత్తాలు కుదిరి, పక్కపక్క వరుసల్లో ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగిందంటే, చదివే కన్ను ఒక రోజు కింది వరుసలోకి జారి ఇద్దరి గుర్తులూ తారుమారైనట్టే. ఇద్దరికీ ఒకే గుర్తు ఉన్న రోజులను చూడనవసరం లేదు. తేడా ఉన్న నాలుగు రోజులు వెతికితే 13వ తేదీ దగ్గర దొరికింది. అదే ఒక్క పిల్లవాడి గుర్తులు పక్క తేదీలోకి జరిగి ఉంటే, అతని మొత్తం సరిగానే ఉండి నిలువు మొత్తాలు తప్పేవి. తరువాత వరుస కింద స్కేలు పెట్టించాను. ఆ పని మొదటే చేయించవలసింది.

ఇక తొమ్మిదో నంబరు. రిజిస్టరులో పద్దెనిమిది, నా లెక్కలో పదిహేడున్నర. పక్క వరుసలు సరిగ్గానే ఉన్నాయి, నిలువు మొత్తాలూ సరిగ్గానే ఉన్నాయి. 27వ తేదీ మధ్యాహ్నం గీతా లేదు, 'ఏ' కూడా లేదు, చుక్క ఉంది. బదిలీ మీద వెళ్లిన సారు మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. వచ్చాడో రాలేదో ఒక్క అక్షరంలో తేల్చడానికి ఏమి అడ్డం వచ్చింది? పేజీ నిండా ఇలాంటి చుక్కలు పెట్టి కొన్నింటి మీద గీత లాగి, కొన్నింటిని 'ఏ'గా దిద్ది, ఇదొక్కటి నాకోసం వదిలిపెట్టారు. పైగా నెలాఖరున దానిని అరపూట హాజరుగా కలిపినట్టున్నారు. హెడ్‌మాస్టరు గారేమో "మొత్తాలు చాలమ్మా, టిక్కులు ఎవరు చూస్తారు" అన్నారు. టిక్కులు లేకపోతే మొత్తం తప్పని ఎలా తెలుస్తుందండీ అని నేను అనలేదు, తల ఊపి వచ్చాను. అది ఇంకో కోపం.

ఆ విసురులో A కొట్టి, పద్దెనిమిదిని తీసి పదిహేడున్నర చేసేశాను.

పడుకున్నాక గుర్తొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మిరపకాయ ఏరే రోజుల్లో తెల్లవారకముందే అమ్మతో చేనుకు వెళ్లి, ఎండ ఎక్కాక బడికి పరుగెత్తేదాన్ని. ఎంత కడిగినా వేళ్ల మంట తగ్గేది కాదు. చెమట తుడుచుకుంటే కళ్లు కూడా మండేవి. మా సారు పేర్లు పిలిచేటప్పుడు నా దగ్గర 'ఏ' రాయకుండా చుక్క పెట్టేవారు. నేను గుమ్మంలో నిలబడితే పుస్తకం తెరిచి, ఏమీ అడగకుండా ఆ చుక్క మీదుగా గీత లాగేవారు. ఆ కలం చప్పుడు నాకు వినిపించేది, లేదా వినిపించిందని అనుకునేదాన్ని.

తొమ్మిదో నంబరు ఆ మధ్యాహ్నం ఆలస్యంగా వచ్చి ఉంటే, సారు గీత లాగడం మరచి, నెలాఖరున జ్ఞాపకం మీద కలిపి ఉండవచ్చు. రాకపోయి ఉంటే కూడికే తప్పు. అడుగున ఉన్న సంఖ్యను ఆ రోజు చివర గీతలు లెక్కపెట్టి రాస్తారు కాబట్టి, గీత లాగడం మరచినవాడు అందులో ఉండడు. అది నాకు సాక్ష్యం కాదు. A అని కొట్టిన నేను కాగితం మీద లేని మాటను రాశాను.

ఇప్పుడే లేచి A తీసేసి ఆ గడిలో "చుక్క" అని రాశాను. రిజిస్టరు మొత్తానికి ఒక నిలువు వరుస, లెక్కలో వచ్చిన మొత్తానికి ఇంకొకటి విడిగా పెట్టి, మొదటిదానిలో పద్దెనిమిదిని తిరిగి ఉంచాను. రేపు హెడ్‌మాస్టరు గారు రెండు మొత్తాలెందుకని అడుగుతారు. మార్చి పేజీలో ఇంకా ఎన్ని చుక్కలున్నాయో చూడలేదు.