మంగళవారం, మేకుకు వేలాడే ముడుపు

విజయనగరం, మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి గుడి కిటకిటలాడుతోంది. అయినా ఈవేళ రాసుకున్నదంతా ఒక ఇంట్లో దేవుడి గూటి పక్క మేకుకు వేలాడే చిన్న మూట గురించే. న్యూయార్క్‌లో ఇటలీ వలసదారులు కార్మెల్ మాతకు మొక్కుకునే తీరును అమెరికా మత చరిత్రకారుడు రాబర్ట్ ఓర్సీ ఇలాగే చర్చి బోధన పక్కన పెట్టి ఇళ్లలోంచి, వీధిలోంచి చదివాడు. మతాన్ని ఇలా జనం రోజువారీ బతుకులోంచి చదవడాన్నే లివ్డ్ రెలిజియన్ అంటున్నారు.

పసుపు నీళ్లలో ముంచి ఆరేసిన అరచేతంత గుడ్డ, లోపల రూపాయి పావలా, చిటికెడు అక్షింతలు, పైన మూడు ముళ్లు. "ఎందుకు కట్టారు?" అని అడిగితే టీవీలో విన్న ప్రవచనమే మళ్లీ వినిపిస్తుంది. ఏ రోజున, ఎవరి చేత్తో కట్టారు, అప్పుడు పైకి ఏమన్నారు, ఏది జరిగితే విప్పుతారు అని అడిగితే మాట కదులుతుంది.

"కోడలు నీళ్లోసుకున్నప్పుడు కట్టీసినానమ్మా. పిల్లడికి పుట్టెంట్రుకలు తీయించాకే అమ్మగోరి హుండీలో ఎయ్యాలి," అంది అత్తగారు. కోడలు వంటింట్లోంచే అందుకుంది: "అదేటత్తా, కాన్పయితే చాలన్నావు కదా!" అబద్ధం ఎవరిదని తేల్చకూడదు. కాన్పు గట్టెక్కాక బిడ్డ మీద బెంగ పట్టుకుంది, దాంతో మొక్కు గడువు కూడా జరిగింది. రెండు మాటలూ ఎవరివి వారి పేరనే రాసుకోవాలి. ఒక్కటే ఉంచుకుంటే మొక్కు మారిన సంగతే పోతుంది.

పావలా సంగతి ఇంకా తిరకాసు. 2011 జూన్ 30 నుంచి ఆ నాణెం చెల్లదు. దాన్ని బట్టి ముడుపు అంతకు ముందుదని లెక్కేస్తే తప్పే, పిల్లాడికి ఇంకా మూడో ఏడే. చెల్లని పావలాలను ముడుపుల కోసమే కుంకుమ డబ్బాలో దాచింది ముసలమ్మ. కాబట్టి నాణెం చూసి కాలం కట్టకూడదు, ఇంట్లో జరిగిన కాన్పులూ పెళ్లిళ్లూ అడగాలి. ముడుపును మాత్రం విప్పించకూడదు. విప్పితే అక్కడితో అది ముడుపు కాదు.

అదే పిల్లాడి మొలతాడుకు బాబామెట్ట దర్గా నుంచి తెచ్చిన రాగి తాయెత్తు ఉంది. హిందువుల ఇంట్లో ఇదేమిటన్న ప్రశ్న జనాభా లెక్కల కాగితానికి పనికొస్తుందేమో గానీ ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అక్కడ పంపకం పనిని బట్టి: కోరికకు అమ్మవారు, రాత్రుళ్లు ఉలిక్కిపడటానికి బాబా. తాయెత్తు మూతికి పెట్టిన లక్క బీటలు వారితే స్నానపు నీళ్లు లోపలికి దిగి రాసిన కాగితం నానిపోతుంది. ఆ ఇంట్లో మాత్రం దాన్ని పాడైందనరు, "దాని పని అయిపోయింది" అంటారు, కొత్తది కట్టిస్తారు. తాడు తెగితే దిష్టి దానికి తగిలిందని లెక్క. అప్పుడు తాడు మారుతుంది, తాయెత్తు రాగి గొట్టం అదే ఉంటుంది. అందుకే తాడు వయసు, గొట్టం వయసు వేర్వేరుగా అడిగి రాసుకోవాలి.